కొత్తనీరు తేటపడేదెలా?

తొలకరి తర్వాత గోదావరికి కొత్తనీరు వస్తుంది. ఎర్రటి ఆ నీటిని గ్లాసులో పట్టి ఉంచండి. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, ఎరుపు మాత్రం మర్నాటికీ పోదు. అది సన్నని బంకమట్టి రంగు. మిల్లీమీటరులో వెయ్యోవంతుండే రేణువు నిశ్చలమైన నీటిలో ఒక మీటరు దిగడానికి పది రోజులు దాటుతుంది. పైగా ఈ రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ముద్దకట్టవు.

ఆ వికర్షణను తగ్గించడానికే పటిక. నీటిశుద్ధి కేంద్రంలో పటిక ద్రావణాన్ని నీటిలో పోసి, నిమిషం లోపే అంతటా కలిసేలా జోరుగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం ఆ రుణావేశాన్ని అణచి, నీటిలోని క్షారగుణంతో కలిసి మెత్తని హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. తర్వాత 20 నుంచి 30 నిమిషాలు మెల్లగా తిప్పాలి. అప్పుడే రేణువులు తాకి, అతుక్కుని, కంటికి కనిపించే దూదిపింజలవుతాయి. ఇక్కడ జోరు పెంచితే పింజలు చిట్లుతాయి, చిట్లినవి మళ్లీ సరిగా అతకవు.

పటిక ఎంత వేయాలో నది రోజూ మారుస్తుంది. అందుకే జార్ పరీక్ష. ఆరు బీకర్లలో లీటరు చొప్పున నది నీరు పోసి, వరసగా 10, 20, 30, 40, 50, 60 మిల్లీగ్రాముల పటిక వేసి, కలిపి, అరగంట కదపకుండా ఉంచుతారు. 40 దగ్గర నీరు తేరుకుని, 50, 60ల్లో అంతకన్నా మెరుగు కనిపించకపోతే 40 చాలు. రోజుకు కోటి లీటర్లు శుద్ధి చేసే పట్టణానికి అది 400 కిలోలు. ఎక్కువ వేస్తే మంచిదనుకోవడం పొరపాటు. ప్రతి మిల్లీగ్రాము పటిక సుమారు అర మిల్లీగ్రాము క్షారతను తినేస్తుంది. క్షారత చాలకపోతే పీహెచ్ పడిపోయి, పింజలు సరిగా కట్టవు, అల్యూమినియం నీటిలోనే కరిగి మిగులుతుంది. అలాంటప్పుడు సున్నం కలుపుతారు.

పింజలు రెండు మూడు గంటల్లో తొట్టె అడుగున బురదగా దిగుతాయి. దిగని కొద్దిపాటి మడ్డిని ఇసుక పడక పట్టాలి.

ఈ ఇసుకను చాలామంది జల్లెడ అనుకుంటారు. నిజానికి అర మిల్లీమీటరు ఇసుక రేణువుల మధ్య సందులు మట్టి రేణువు కంటే ఎన్నో రెట్లు పెద్దవి. మట్టి ఆగేది ఇసుకకు అంటుకోవడం వల్లే, అంటుకోవాలంటే పటిక తన పని చేసి ఉండాలి. పటిక కుదరని రోజున ఎంత మంచి ఇసుక ఉన్నా ఎర్రనీరు దిగిపోతుంది. మడ్డి పేరుకుని నీరు దిగడం కష్టమైనప్పుడు కింది నుంచి గాలి, నీరు ఎదురు పంపి ఇసుకను కడుగుతారు. కడిగిన వెంటనే వచ్చే నీరు కాసేపు మసకగానే ఉంటుంది, దాన్ని పారబోయడం మంచిది.

తేటపడ్డ నీటిలో క్రిములు మిగిలే ఉంటాయి, వాటిని క్లోరిన్ చంపుతుంది. మట్టి మిగిలితే క్రిములు దాని చాటున తప్పించుకుంటాయి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటి మసక 1 ఎన్‌టీయూ మించకూడదు, వేరే దారి లేనప్పుడు 5 వరకూ ఒప్పుకుంటారు. మీ పట్టణ కేంద్రానికి వెళ్తే ఇసుక పడక దాటిన నీటి మసక ఈ రోజు ఎంతో అడగండి.