డబ్బులు వేశాం.. ఇదిగో యూటీఆర్ అన్నారా? అకౌంట్‌లో పడకపోతే ఆ నంబర్‌తో వెతకాల్సింది ఇలా!

గరిడేపల్లి: వడ్లు అమ్మి వారం కాలేదు. మిల్లు నుంచి వాట్సాప్‌లో ఓ ఫొటో వచ్చింది. అందులో అమౌంట్ ఉంది, పేరు ఉంది, కింద పొడుగాటి నంబర్ ఉంది. కానీ రైతు అకౌంట్‌లో మాత్రం ఒక్క రూపాయి పడలేదు. ఫోన్ చేస్తే "పైసలు కొట్టినం అన్నా, యూటీఆర్ కూడా పంపినం గదా.. నీ బ్యాంకుల అడుగు" అని సమాధానం. బ్యాంకుకు వెళ్తే "మాకేం రాలేదు, పంపినోళ్లనే అడగండి" అంటారు.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే రైతులకు ఈ తిప్పలు ఎప్పుడైనా ఎదురుకావచ్చు. పంపినవారి అకౌంట్ ఒక బ్యాంకులో, అందుకునేవారి అకౌంట్ ఇంకో బ్యాంకులో ఉన్నప్పుడు మధ్యలో ఏం జరిగిందో తేల్చేది ఆ యూటీఆర్ నంబరే. అయితే దాన్ని చదవడం, సరైన చోట అడగడం తెలియాలి.

యూటీఆర్ అంటే ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కు విడిగా వచ్చే గుర్తింపు నంబర్. ఒకరి నంబర్ ఇంకొకరికి రాదు. రూ.2 లక్షలు, ఆపైన పంపే ఆర్‌టీజీఎస్‌లో ఇది 22 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. నెఫ్ట్‌లో సాధారణంగా 16 ఉంటాయి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యూపీఐ పేమెంట్లకైతే 12 అంకెల నంబర్ వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఫోన్‌పేలో T అక్షరంతో మొదలయ్యే ట్రాన్సాక్షన్ ఐడీ కూడా కనిపిస్తుంది. అది ఆ యాప్ సొంత నంబర్. దాంతో బ్యాంకువాళ్లు వెతకలేరు. పక్కనే UTR అని ఉండే 12 అంకెలే వాళ్లకు కావాలి.

నంబర్‌లోనే తేదీ ఉంది

ఇప్పుడు ఆర్‌టీజీఎస్ నంబర్ ఒకటి చూద్దాం. ఇది కేవలం ఉదాహరణ కోసం రాసింది.

```
ABCDR52025111200012345
```

మొదటి నాలుగు అక్షరాలు డబ్బు పంపిన బ్యాంకు కోడ్. ఐఎఫ్‌ఎస్‌సీలో మొదట వచ్చే నాలుగు అక్షరాలే ఇవి. తర్వాతి R అంటే ఆర్‌టీజీఎస్. దాని పక్కన ఉన్న ఒక్క అంకె ఏ మార్గంలో పంపారో చెబుతుంది. ఆ తర్వాతి ఎనిమిది అంకెలు తేదీ: 2025 నవంబర్ 12. మిగిలింది వరుస సంఖ్య.

అంటే మిల్లు గుమస్తా "11వ తారీఖునే వేసినం" అన్నా, నంబర్ మాత్రం 12న పంపినట్టు చెబుతోంది. ఫొటోలోని బ్యాంకు పేరు, నంబర్‌లోని మొదటి నాలుగు అక్షరాలు వేర్వేరుగా ఉన్నా అనుమానించాల్సిందే. నెఫ్ట్ నంబర్లను మాత్రం ఒక్కో బ్యాంకు ఒక్కో తీరుగా తయారు చేస్తుంది కాబట్టి వాటిని ఇంత తేలిగ్గా చదవలేం.

యూటీఆర్ ఉంటే డబ్బు పడినట్టేనా?

కాదు. అసలు గొడవంతా ఇక్కడే. పంపిన బ్యాంకు నుంచి ట్రాన్స్‌ఫర్ బయలుదేరిందనడానికి మాత్రమే యూటీఆర్ గుర్తు. అవతలి అకౌంట్‌లో జమైందనడానికి కాదు.

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. మిల్లు రూ.2,14,500 పంపింది. గుమస్తా అకౌంట్ నంబర్ కొట్టేటప్పుడు రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఆ నంబర్‌తో రైతు బ్యాంకులో అకౌంటే లేదు. అప్పుడు డబ్బును ఆ బ్యాంకు తన దగ్గర ఉంచుకోకూడదు. జమ చేయలేకపోతే గంటలోపు పంపిన బ్యాంకుకు తిప్పి పంపాలనేది ఆర్‌టీజీఎస్ నిబంధన. నెఫ్ట్ అయితే ఆ విడత సెటిల్‌మెంట్ అయ్యాక రెండు గంటల గడువు ఉంటుంది. మీరితే రెపో రేటుకు 2 శాతం కలిపి వడ్డీ కట్టాలి.

అలా 12వ తేదీనే డబ్బు మిల్లు అకౌంట్‌కు వెనక్కి చేరింది. కానీ గుమస్తా స్టేట్‌మెంట్‌లో డబ్బు పోయిన లైన్ ఒక్కటే చూశాడు. అదే రోజు అదే అమౌంట్ తిరిగి జమైన లైన్ చూడలేదు. అందుకే రెండు రోజుల తర్వాత కూడా "మేం కొట్టినం" అనే అంటున్నాడు. అబద్ధమేమీ ఆడటం లేదు పాపం, సగమే చూశాడు.

రైతు 14న తన బ్రాంచికి వెళ్లాడనుకోండి. "డబ్బులు రాలేదు సార్" అంటే క్లర్క్ అకౌంట్ తెరిచి చూసి లేదంటారు. అది నిజమే, ఆ అకౌంట్‌కు రాలేదు కదా. అడగాల్సిన తీరు వేరు. యూటీఆర్, తేదీ, అమౌంట్, పంపిన బ్యాంకు పేరు ఒక కాగితం మీద రాసిచ్చి, "ఈ నంబర్‌తో బయటి నుంచి వచ్చిన పేమెంట్లలో చూడండి సార్" అనాలి. అకౌంట్ నంబర్‌తో కాకుండా యూటీఆర్‌తో వెతికితే మూడింటిలో ఒకటి తేలుతుంది. అసలు రాలేదా, వచ్చి తిరిగి వెళ్లిందా, వేరే అకౌంట్‌లో పడిందా అన్నది. బ్రాంచిలో ఆ స్క్రీన్ లేకపోతే వాళ్ల పేమెంట్ విభాగానికి మెయిల్ పెట్టించాలి.

తిరిగి వెళ్లిందని తేలితే ఏ రోజు, ఏ కారణంతో వెళ్లిందో రాయించుకోవాలి. ఆ కాగితం చూపించి మిల్లువాళ్లను ఆ రోజు స్టేట్‌మెంట్‌లో జమలు చూడమంటే విషయం తేలిపోతుంది. మళ్లీ పంపినప్పుడు కొత్త యూటీఆర్ వస్తుంది. పాత నంబర్ పట్టుకుని మళ్లీ బ్యాంకుకు తిరిగితే లాభం లేదు, కొత్తది అడిగి తీసుకోవాలి.

వేరేవాళ్ల అకౌంట్‌లో పడితే?

ఇది కష్టమైన కేసు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో జమ చేసేటప్పుడు బ్యాంకు చూసేది అకౌంట్ నంబర్‌నే. పేరు సరిపోలకపోయినా డబ్బు పడిపోతుంది. తప్పు నంబర్ ఇంకెవరిదైనా అయితే, ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను డబ్బు వెనక్కి లాగడం కుదరదు. ఇక్కడ కదలాల్సింది పంపినవారే. యూటీఆర్‌తో తమ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఆ బ్యాంకు అవతలి బ్యాంకును సంప్రదిస్తుంది. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది, ఎందుకంటే అవతలివాళ్లు డబ్బు తీసేసుకుంటే వసూలు చాలా కష్టం.

ఈ పొరపాటు తగ్గించడానికే, పంపేముందు అవతలి ఖాతాదారు పేరు కనిపించేలా నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో 2025 ఏప్రిల్ 1 కల్లా ఏర్పాటు చేయాలని ఆర్‌బీఐ బ్యాంకులను ఆదేశించింది. గుమస్తా డబ్బు కొట్టేటప్పుడు "పేరు ఏమొచ్చింది అన్నా?" అని ఒక్క మాట అడిగితే సరి.

యూపీఐ, ఐఎంపీఎస్‌లకు లెక్క వేరు. డబ్బు కట్ అయి అవతల జమ కాకపోతే మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆపైన రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి.

ఇంకో జాగ్రత్త. యూటీఆర్ ఇచ్చినంత మాత్రాన ఎవరూ మీ డబ్బు తీయలేరు. కానీ "వెతికి పెడతాం" అంటూ ఓటీపీ, పిన్ అడిగితే అది మోసమే. కస్టమర్ కేర్ నంబర్‌ను గూగుల్‌లో కాకుండా పాస్‌బుక్ మీద చూసుకోండి.

బ్యాంకు పట్టించుకోకపోతే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు ఉండదు. వివరాలకు 14448కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదులో యూటీఆర్‌తో పాటు బ్రాంచిలో రాయించుకున్న ఆ కాగితం కూడా జత చేయాలి.