హీటర్ పాడైందని ఇంటి ఓనరుకు రెండు వాక్యాలు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో డాలస్, డెంటన్, ఆర్లింగ్‌టన్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తెలుగు విద్యార్థులు ఎంతోమంది అద్దెకు ఉంటున్నారు. వేడినీళ్లు రాకపోతే ఇక్కడిలా కింది పోర్షన్‌కు వెళ్లి ఓనరు తలుపు తట్టే వీలు అక్కడ ఉండదు. ఓనరు తరఫున లీజింగ్ ఆఫీసు ఉంటుంది. దానికి మెయిల్ రాయాలి. మాట్లాడేటప్పుడు పట్టింపుకు రాని ఇంగ్లీషు తప్పు, అలాంటి మెయిల్లో అర్థాన్నే మార్చేస్తుంది.

ఓ ఉదాహరణ తీసుకుందాం. 2026 జనవరి 9, శుక్రవారం వాటర్ హీటర్ ఆగిపోయింది. శనివారం ఆఫీసుకు ఫోన్ చేస్తే సరేనన్నారు గానీ ఎవరూ రాలేదు. సోమవారం ఆ ఇంట్లో ఉండే విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: "వాటర్ హీటర్ ఈజ్ నాట్ వర్కింగ్ సిన్స్ త్రీ డేస్, ఐ హ్యాడ్ ఇన్ఫార్మ్‌డ్ ఆఫీస్ ఆల్సో. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ ఇమ్మీడియట్లీ."

మొదటి వాక్యం తెలుగులో ఆలోచించి రాసింది. "మూడు రోజుల నుంచి పనిచేయడం లేదు" అంటాం మనం. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనిని వర్తమానంలోనే చెప్పడం తెలుగు పద్ధతి. అందుకే "ఈజ్ నాట్ వర్కింగ్" సహజంగా వచ్చేస్తుంది. ఇంగ్లీషు మాత్రం, మొదలైన రోజు చెబితే ప్రెజెంట్ పర్ఫెక్ట్ కోరుతుంది: "హ్యాజ్ నాట్ బీన్ వర్కింగ్ సిన్స్ ఫ్రైడే". 'నుంచి' అనే మన ఒక్క మాట అక్కడ రెండుగా విడిపోతుంది. మొదలైన సమయం చెప్పాలంటే 'సిన్స్', ఎన్నాళ్లయిందో చెప్పాలంటే 'ఫర్'. కాబట్టి సిన్స్ ఫ్రైడే, ఫర్ త్రీ డేస్.

నిజానికి ఈ తప్పుతో ప్రమాదం తక్కువ. చదివేవాళ్లకు విషయం ఎలాగో తెలిసిపోతుంది. అసలు ప్రమాదం దాన్ని సరిదిద్దబోయి "వాజ్ నాట్ వర్కింగ్" అని మార్చినప్పుడు వస్తుంది. సమస్య మొన్న మొదలైంది కదా, భూతకాలం వాడాలేమో అనుకుని చాలామంది ఇలా రాస్తారు. ఇంగ్లీషు పాఠకుడికి అది ముగిసిపోయిన సంగతిలా వినిపించవచ్చు. "అప్పుడు పనిచేయలేదట, ఇప్పుడు పనిచేస్తోంది కాబోలు" అని ఆఫీసులో ఎవరైనా ఆ మెయిల్ పక్కన పెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. నీళ్లు కారుతున్నా, ఏసీ ఆగినా ఇదే చిక్కు. రాసే సమయానికి సమస్య ఉందా లేదా అన్నది క్రియారూపమే చెప్పాలి.

"హ్యాడ్ ఇన్ఫార్మ్‌డ్" సంగతి వేరు. జరిగిపోయిన రెండు పనుల్లో ఏది ముందో చెప్పడానికి పాస్ట్ పర్ఫెక్ట్ పనికొస్తుంది. ఇక్కడ రెండో పని లేదు కాబట్టి వాక్యం సగంలో ఆగినట్టుంటుంది. పైగా "ముందే చెప్పాను కదా" అనే నిష్ఠూరం కూడా తోస్తుంది. "ఐ కాల్డ్ ది ఆఫీస్ ఆన్ సాటర్‌డే" అంటే చాలు. ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాడో అందులో ఉంది.

ఇక రెండో వాక్యం. 'డూ ది నీడ్‌ఫుల్' బ్రిటిష్ కాలపు దస్తావేజుల భాష. మన ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. "తగు చర్యలు తీసుకోగలరు" అని అర్జీలు రాసినవాళ్లకు అది పూర్తి మర్యాదగానే కనిపిస్తుంది. అమెరికాలో దాన్ని చదివేవాళ్లకు మాత్రం ఏం చేయమంటున్నారో తెలియదు. ప్లంబర్‌ని పంపాలా, హీటర్ మార్చాలా, ఫోన్ చేయాలా? 'కైండ్లీ' వాళ్ల చెవికి బిగుసుకున్న మాట. దాని పక్కన 'ఇమ్మీడియట్లీ' చేరితే ఆజ్ఞ అవుతుంది.

రాసినవాడు మర్యాద తక్కువవాడు కాడు. తెలుగులో మర్యాద క్రియ చివరే కూర్చుని ఉంటుంది. 'పంపు' అన్నది 'పంపండి' అయిందంటే గౌరవం వచ్చేసింది. ఇంగ్లీషు 'సెండ్'కు ఆ 'అండి' లేదు. ముందు 'ప్లీజ్' చేర్చినా అది విధి వాక్యమే. అక్కడ గౌరవం ప్రశ్నలో ఉంటుంది, కాదనే అవకాశం ఎదుటివారికి వదలడంలో ఉంటుంది: "కుడ్ యు ప్లీజ్ సెండ్ సమ్‌వన్?"

ఈ 'కుడ్' పుట్టుకతో 'కెన్'కు భూతకాల రూపం. అడిగేది రేపటి పని గురించి అయినా మాట మాత్రం నిన్నటిది. కాలంలో ఒక అడుగు వెనక్కి వేస్తే ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గుతుంది. "ఐ వాజ్ వండరింగ్" అనడంలోనూ ఇదే కిటుకు. ఇది మనకు కొత్తేమీ కాదు. "మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నాను" అంటాం. అనుకోవడం ఇప్పుడే, అడగడం కూడా ఇప్పుడే, అయినా క్రియ భూతకాలంలో పెడతాం. ఆ పోలిక తెలిస్తే 'కుడ్' ఎందుకు మెత్తగా ఉంటుందో బట్టీ పట్టనక్కర్లేదు.

అయితే మెత్తదనం మోతాదు మించకూడదు. "మీకు వీలున్నప్పుడు, ఇబ్బంది లేకపోతే" అని రాస్తే, వీలు ఎప్పటికీ దొరకకపోవచ్చు. మర్యాద ప్రశ్నలో ఉండాలి, గట్టిదనం తేదీలో ఉండాలి. దిద్దిన మెయిల్ ఇలా ఉంటుంది: "ది వాటర్ హీటర్ ఇన్ అపార్ట్‌మెంట్ 214 హ్యాజ్ నాట్ బీన్ వర్కింగ్ సిన్స్ ఫ్రైడే, జనవరి 9, అండ్ ఐ కాల్డ్ ది ఆఫీస్ ఎబౌట్ ఇట్ ఆన్ సాటర్‌డే. కుడ్ యు ప్లీజ్ సెండ్ సమ్‌వన్ బై వెన్స్‌డే అండ్ లెట్ మీ నో వాట్ టైమ్ దే విల్ కమ్?"

నెల పేరు అక్షరాల్లో రాయడం కావాలనే. మన అలవాటు ప్రకారం 9-1 అని రాస్తే అమెరికాలో అది సెప్టెంబర్ 1 అవుతుంది.

తేదీ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, టెక్సస్ చట్టం దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడి ప్రాపర్టీ కోడ్ 92వ అధ్యాయం ప్రకారం ఆరోగ్యానికో భద్రతకో ముప్పు తెచ్చే లోపాలను ఓనరు బాగుచేయించాలి. కనీసం 120 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్లిచ్చే పరికరాన్ని పనిచేసే స్థితిలో ఉంచడమూ ఓనరు బాధ్యతే అని అందులో స్పష్టంగా ఉంది. నోటీసు అందాక 7 రోజులు మామూలుగా సరిపోయే గడువని చట్టం భావిస్తుంది. సమస్య తీవ్రతను, సామాను, పనివాళ్లు దొరకడాన్ని బట్టి అది అటూ ఇటూ కావచ్చు. నోటీసు ఇచ్చే నాటికి అద్దె బకాయి ఉండకూడదు. అద్దె ఎవరికి కడతారో వాళ్లకే, లేదా కట్టే చోటికే నోటీసు చేరాలి. రిపేర్ల కోసం ఫలానా పోర్టల్‌లోనే రాయాలని లీజులో ఉంటే ఆ రెండు వాక్యాలూ అక్కడ కూడా పెట్టాలి.

గడువు దాటినా ఎవరూ రాకపోతే, చట్టపరంగా ముందుకు వెళ్లడానికి మెయిల్ చేసినవాళ్లు మామూలుగా రెండోసారి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మొదటిదే సర్టిఫైడ్ మెయిల్ లాంటి, చేరినట్టు ఆచూకీ తెలిసే పోస్టులో పంపి ఉంటే రెండోది అక్కర్లేదు. రెండో ఉత్తరంలో కాలాలు మళ్లీ జాగ్రత్తగా చూసుకోవాలి. రాయడం అయిపోయింది కాబట్టి "ఐ రోట్ టు యు ఆన్ జనవరి 12", రిపేరు ఇంకా కాలేదు కాబట్టి "ది హీటర్ స్టిల్ హ్యాజ్ నాట్ బీన్ రిపేర్డ్".