పుస్తకానికి పొరుగే చిరునామా

కామాటిపురలో ఎవరి ఇంటికైనా దారి అడిగితే మొదట వినిపించేది ఒక సంఖ్య. ఫలానా నంబరు గల్లీ, ఫలానా చాల్, రెండవ అంతస్తు, ఫలానా ఖోలీ. ఈ వాడలోని ఒక చిన్న తెలుగు గ్రంథాలయంలో పదవీ విరమణ చేస్తున్న గ్రంథపాలకుడు తన వీడ్కోలు ప్రసంగాన్ని ఈ అలవాటును గుర్తుచేస్తూనే ఆరంభించారు. పుస్తకం వెన్నుపై అంటించిన చీటీలోని సంఖ్య కూడా ఖోలీ నంబరు వంటిదేనని చాలామంది అనుకుంటారనీ, నిజానికి అది వేరనీ ఆయన అన్నారు.

పూర్వం గ్రంథాలయాలలో ఖోలీ నంబరు పద్ధతే ఉండేది. ఏ బీరువా, ఏ అర, అందులో ఎన్నవ పుస్తకం అన్నదే సంఖ్యగా వ్రాసేవారు. అర నిండిన తరువాత అదే విషయంపై కొత్త పుస్తకం వస్తే దానిని చివరి బీరువాలో పెట్టక తప్పేది కాదు. బీరువాలు కదిలితే సంఖ్యలన్నీ తిరిగి వ్రాయవలసి వచ్చేది. 1876లో అమెరికా గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణలో సంఖ్య బీరువాకు కాక విషయానికి చెందుతుంది. అందులో విజ్ఞానమంతా పది వర్గాలు. ప్రతి వర్గం మళ్ళీ పది భాగాలు. ప్రతి భాగం మరల పది. మూడంకెల తరువాత ఒక చుక్క పెట్టి, అవసరమైనంత మేరకు ఇంకా లోపలికి వెళ్ళవచ్చు.

“చాల్ కూల్చి కొత్త భవనం కడితే మీ ఖోలీ నంబరు మారుతుంది. ఈ పుస్తకాలను రేపు మరో చోటికి తరలించినా ఒక్క చీటీ కూడా మార్చనక్కరలేదు. ఎవరి పక్కన ఎవరు ఉండాలన్నది మారదు కదా!” అన్నారాయన.

తరువాత ఆయన గురజాడ అప్పారావు రచించిన ‘కన్యాశుల్కం’ ప్రతిని చేతిలోకి తీసుకొని, చీటీపై ఉన్న 894.8272 అనే సంఖ్యను ఒక్కొక్క అంకెగా విప్పి చెప్పారు. మొదటి 8 సాహిత్యానికి గుర్తు. డ్యూయీ 810 నుండి 880 వరకు అమెరికా, ఐరోపా సాహిత్యాలకే కేటాయించి, తక్కిన ప్రపంచ భాషలను ఎక్కువగా 890లో సర్దాడు. తెలుగు సంఖ్య ఇంత పొడవు కావడానికి కారణం అదే. 894.8 ద్రావిడ భాషల సాహిత్యం; 894.827 తెలుగు సాహిత్యం. చివరి 2 నాటకం. ఆ స్థానంలో 1 ఉంటే కవిత్వం, 3 ఉంటే కథలూ నవలలూ. సంఖ్య క్రింద ‘గుర’ అని రచయిత పేరులోని తొలి అక్షరాలు ఉంటాయి. తెలుగు నాటకాలన్నిటికీ సంఖ్య ఒకటే కనుక, వాటిలో వరుసను ఆ అక్షరాలే నిర్ణయిస్తాయి. ముంబయిలో మనకు గోడ పక్కన మరాఠీ వారుండవచ్చు గాని, అరలో మరాఠీ సాహిత్యం 891.46 వద్ద దూరంగా ఉంటుంది. తెలుగుకు ముందు తమిళం, మలయాళం, కన్నడం వస్తాయి. ఇక్కడ పొరుగును నిర్ణయించేది భాషా కుటుంబం.

ఈ ఏర్పాటు ఎక్కడ దెబ్బతింటుందో కూడా ఆయన దాచలేదు. మధుమేహాన్ని గురించిన పుస్తకం కావాలని ఒక పాఠకురాలు వచ్చారు. ఇంట్లో అప్పుడే ఆ జబ్బు బయటపడింది. జాబితాలో పుస్తకం ఉన్నది. ఎవరూ తీసుకుపోయినట్లు నమోదు లేదు. అరలో మాత్రం కనిపించలేదు. మధుమేహం సంఖ్య 616.462, చర్మవ్యాధులది 616.5. కొత్తగా చేరిన సహాయకుడు 462ను ఐదు కన్న పెద్దదిగా భావించి, ఆ పుస్తకాన్ని చర్మవ్యాధుల తరువాత పెట్టాడు. చుక్క తరువాతి అంకెలను ఒక్కొక్కటిగా పోల్చాలి. మొదటి అంకెలు నాలుగు, ఐదు. నాలుగు చిన్నది కనుక 616.462 ముందుండాలి. తక్కిన అంకెలు ఎన్ని ఉన్నా ఆ వరుస మారదు. వారం తరువాత అరల వరుసను సరిచూస్తున్నప్పుడు గాని ఆ పుస్తకం బయటపడలేదు. అది ఉన్నచోటు చాలా దగ్గరే. అయినా ఆ వారమంతా ఆ పాఠకురాలికి అది లేనట్లే.

అందుకే గ్రంథపాలకుడు పాఠకులను ఒక్కటే కోరారు. చదివిన పుస్తకాన్ని సాయం చేద్దామని అరలో పెట్టవద్దు, బల్లపైనే వదిలివేయండి. బల్లపై ఉన్న పుస్తకం అందరికీ కనిపిస్తుంది. తప్పు చోట నిలిచినది ఎవరికీ కనిపించదు.

చివరగా ఆయన తన తరువాత ఆ కుర్చీలో కూర్చోబోయే వ్యక్తి వైపు తిరిగారు. భవనం ఖాళీ చేయవలసిన రోజు వస్తే పుస్తకాలను చేతికందినట్లు సంచులలో నింపవద్దనీ, అరలోని వరుస చెదరకుండా కట్టలు కట్టి, ప్రతి కట్టపై తొలి సంఖ్యనూ తుది సంఖ్యనూ వ్రాయాలనీ చెప్పారు. “కొత్త చోట కట్టలు విప్పిన సాయంత్రమే ఎవరైనా వచ్చి ‘కన్యాశుల్కం’ అడిగితే, మీరు లేచి వెళ్ళి తెచ్చి ఇవ్వగలగాలి” అంటూ ఆ ప్రతిని దాని చోట నిలిపి కూర్చున్నారు.