ఉద్యోగం చేస్తూ సీఎంఏ ఇంటర్: రోజుకు రెండు గంటలు సరిపోతాయా?

మా ఖాలా కొడుకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంటెంట్. బీకాం అయ్యాక నాలుగేళ్లుగా అక్కడే పని. పోయినసారి జూన్‌లో సీఎంఏ ఇంటర్ మొదటి గ్రూపు రాశాడు. లా పేపర్‌లో 41, ఫైనాన్షియల్ అకౌంటింగ్‌లో 53, ట్యాక్సేషన్‌లో 43, కాస్ట్ అకౌంటింగ్‌లో 57 వచ్చాయి. ఒక్క పేపరూ పోలేదు, అయినా ఫెయిల్. ఇంట్లో ఖాలాకు అది ఎంతకీ అర్థం కాలేదు. "అన్నిట్లో పాసైతే ఫెయిల్ ఎట్లా అవుతాడు?" అని నన్నే అడిగింది.

తిరుపతి, చిత్తూరు వైపు మన ఇళ్లల్లో బీకాం చేసి అకౌంట్స్ ఉద్యోగంలో చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ కోర్సు గురించి అడుగుతుంటారు. అందుకే మావాడి లెక్కనే విప్పి చూద్దాం.

ముందు పాస్ రూలు అర్థం కావాలి

సీఎంఏ కోర్సు నడిపేది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా. ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది, మన దక్షిణాది వ్యవహారాలు చూసే రీజనల్ కౌన్సిల్ చెన్నైలో ఉంది. డిగ్రీ ఉన్నవాళ్లు ఫౌండేషన్ రాయక్కర్లేదు, నేరుగా ఇంటర్‌లో చేరొచ్చు. ఇంటర్‌లో రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో నాలుగు పేపర్లు. రెండూ ఒకేసారి రాయొచ్చు, ఒకటొకటిగానూ రాయొచ్చు.

పాస్ కావాలంటే ప్రతి పేపర్‌లో 40 రావాలి, గ్రూపు మొత్తం మీద 50 శాతం కూడా రావాలి. అంటే నాలుగు పేపర్లకు 400లో 200. మావాడివి కూడితే 194. ఆరు మార్కులు తక్కువ. ఏ పేపర్‌లోనైనా 60 గాని అంతకన్నా ఎక్కువ గాని వచ్చి ఉంటే ఆ పేపర్‌కు తర్వాతి మూడు పరీక్షల దాకా మినహాయింపు దక్కేది. అదీ లేదు. కాబట్టి నాలుగూ మళ్లీ రాయాల్సిందే.

ఇందులో ఒక పాఠం ఉంది. లెక్కలొచ్చిన వాళ్లు లా పేపర్‌ను "నలభై వస్తే చాలు" అని వదిలేస్తారు. కాని ఆ నలభై మిగతా మూడు పేపర్ల మీద పది మార్కుల అప్పు మోపుతుంది. వారానికి ఒకటి రెండు సాయంత్రాలు లాకు ఇచ్చి ఉంటే ఆ ఆరు మార్కులు అక్కడే దొరికేవి.

జూనా, డిసెంబరా?

పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబర్‌లో. మావాడు జూన్ ఎంచుకోవడమే మొదటి పొరపాటు. చిత్తూరు వైపు తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. లారీలు రాత్రంతా నిలబడతాయి, తూకం చీటీలు, రైతుల బిల్లులు అన్నీ అకౌంట్స్ టేబుల్ మీదికే వస్తాయి. సాయంత్రం రెండు గంటలు అనేది ఆ నెలలో కాగితం మీదే ఉంటుంది. దానికి ముందు మార్చి, ఏప్రిల్‌లలో ఏడాది లెక్కల ముగింపు. ఈ ఏళ్లలో రంజాన్ కూడా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలోనే పడుతోంది. తరావీహ్ అయ్యి, సహ్రీకి లేచే నెలలో రాత్రి చదువు అదే వేగంతో సాగదు.

డిసెంబర్ పరీక్షకు ఈ మూడూ అడ్డం రావు. దానికి జులై 31 లోపు కోర్సులో రిజిస్టర్ అయి ఉండాలి. జూన్ పరీక్షకైతే జనవరి 31. రిజిస్ట్రేషన్ వేరు, పరీక్ష ఫారం వేరు. రెండోది మర్చిపోయి ఆగిపోయేవాళ్లున్నారు. కోచింగ్, స్కిల్ ట్రైనింగ్ లాంటి షరతులు ఎప్పటికి పూర్తవ్వాలో చేరిన రోజే ఇన్‌స్టిట్యూట్ సైట్ icmai.in లో చూసి రాసి పెట్టుకోండి.

మీది వేరే ఉద్యోగమైతే మీ పని ఏ నెలల్లో మీద పడుతుందో ముందు రాసుకోండి. ట్యాక్స్ ఆఫీసులో పనిచేసేవాళ్లకు సెప్టెంబర్, అక్టోబర్ బరువు. వాళ్లు డిసెంబర్ రాయాలంటే చదువు జూన్‌లోనే మొదలవ్వాలి.

గంటల లెక్క

ఆగస్టు మొదటి నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా సుమారు 18 వారాలు. పనిదినాలు ఐదు సాయంత్రాలు ఉన్నా నాలుగే లెక్కేయండి. ఎందుకంటే నెలలో 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి వేయాలి. ఆ రోజుల్లో ఆఫీసు నుంచి ఎప్పుడు బయటపడతామో చెప్పలేం. నాలుగు సాయంత్రాలకు 8 గంటలు, శనివారం 3, ఆదివారం పొద్దున 3, మధ్యాహ్నం 3. మొత్తం 17. పెళ్లిళ్లకు, జ్వరాలకు రెండు వారాలు తీసేస్తే 16 వారాలు మిగులుతాయి. పదహారు పదిహేడ్లు 272 గంటలు.

ఇది ఒక గ్రూపుకు సరిపోతుంది. కాస్ట్‌కు 80, ట్యాక్స్‌కు 80, ఫైనాన్షియల్ అకౌంటింగ్‌కు 70, లాకు 42 అనుకోవచ్చు. అదే రెండు గ్రూపులు కలిపి రాస్తే ఎనిమిది పేపర్లకు తలా 34 గంటలే వస్తాయి. సిలబస్ ఒకసారి చదవడానికే అది చాలదు, లెక్కలు చేయడం తర్వాతి మాట. ఒక్క గ్రూపే రాస్తే ఇంకో సౌకర్యం ఉంది. రెండు గ్రూపుల పరీక్షలు రోజు మార్చి రోజు జరుగుతాయి గనుక, మీకు పేపర్‌కు పేపర్‌కు మధ్య ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. సెలవు కూడా ఆ మొత్తం వారానికీ అడగాలి, రాసే నాలుగు రోజులకే కాదు.

సాయంత్రం రెండు గంటల్లో ఏం చేయాలి

ఇషా తర్వాత కూర్చునే రెండు గంటలను మూడు ముక్కలు చేయండి. మొదటి 20 నిమిషాలు నిన్న తప్పిన లెక్కను ఖాళీ కాగితం మీద మళ్లీ చేయాలి, పుస్తకం మూసి. తర్వాత ఒక గంట కొత్త పాఠం. చివరి 40 నిమిషాల్లో ఒక్క పెద్ద ప్రశ్న, 25 నిమిషాలు గడియారం పెట్టి రాయడం, 15 నిమిషాలు దిద్దుకోవడం.

25 నిమిషాలు ఎందుకంటే, పేపర్ మూడు గంటలు, 100 మార్కులు. అందులో 30 మార్కులు రెండేసి మార్కుల ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. మిగతా 70కి ఏడింటిలో ఐదు రాయాలి, ఒక్కోటి 14 మార్కులు. ఐదు ప్రశ్నలకు 25 నిమిషాల చొప్పున 125 నిమిషాలు పోతే, మిగిలిన 55 నిమిషాల్లో ఆబ్జెక్టివ్ చేసి, ఒకసారి చూసుకోవచ్చు.

ఖాళీ కాగితం ఎందుకో ఒక లెక్కతో చెబుతాను. అంకెలు ఉదాహరణకే. ఫ్యాక్టరీలో 10,000 కిలోల కాయ వేశారు. కాయకు, కూలికి కలిపి రూ.1,80,000 ఖర్చు. తొక్క, టెంక కింద 40 శాతం పోవడం మామూలే, దాన్ని అమ్మితే ఏమీ రాదనుకుందాం. అంటే 6,000 కిలోల గుజ్జు రావాలి. వచ్చింది 5,800. కిలోకు ఖర్చెంత?

మావాడు 1,80,000ను 5,800తో భాగించి కిలోకు రూ.31.03 అని వేశాడు. చేతికొచ్చిన సరుకుతో భాగించడం అతనికి అలవాటు. పరీక్షలో అది తప్పు. మామూలు నష్టం ఖర్చును మంచి సరుకు మోయాలి, కాబట్టి రావాల్సిన 6,000తో భాగించాలి. కిలోకు రూ.30. అదనంగా పోయిన 200 కిలోలు అసాధారణ నష్టం. దాని విలువ రూ.6,000 లాభనష్టాల ఖాతాకు పోతుంది, గుజ్జు మీద పడదు. 5,800 కిలోలకు రూ.1,74,000, నష్టానికి రూ.6,000, కలిపితే మళ్లీ రూ.1,80,000. రెండు వైపులా సరిపోయింది.

జవాబు పక్కన పెట్టుకుని చదివితే ఈ లెక్క అందరికీ వచ్చినట్టే ఉంటుంది. ఖాళీ కాగితం మీద చేస్తేనే చేయి పాత అలవాటుకు పోతోందని బయటపడుతుంది. ఆఫీసు అనుభవం ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఆదివారం కొత్త పాఠానికి కాదు

రోజంతా కంప్యూటర్ మీద ట్యాలీ కొట్టేవాళ్లకు మూడు గంటలు పెన్నుతో రాయడం మరచిపోయిన పని. రెండో గంటకే వేళ్లు లాగుతాయి, అక్షరం చెదురుతుంది, తెలిసిన ప్రశ్న కూడా మిగిలిపోతుంది. మావాడు కాస్ట్ పేపర్‌లో ఒక 14 మార్కుల ప్రశ్న అలాగే వదిలేశాడు.

అందుకే ఆదివారం మూడు గంటల బ్లాకు రాయడానికే పెట్టాలి. మొదటి రెండు నెలలు సగం పేపర్ గంటన్నరలో రాసి, మిగతా గంటన్నర వారం పాఠాలు తిరగేయొచ్చు. అక్టోబర్ నుంచి పూర్తి పేపర్. పాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబులు, మాక్ పేపర్లు ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జుహర్ తర్వాత కూర్చుని దిద్దండి. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి: పాఠం రాలేదా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, కూడికలో పోయిందా, టైం చాలలేదా. మొదటి రకం తప్పులు సోమవారం సాయంత్రానికి వెళ్తాయి. నాలుగో రకం ఎక్కువగా ఉంటే ఇంకా చదవడం వల్ల లాభం లేదు, ఇంకా రాయాలి.

ట్యాక్స్‌లో ఒక జాగ్రత్త. మీ పరీక్షకు ఏ ఏడాది చట్టం వర్తిస్తుందో ఇన్‌స్టిట్యూట్ ముందే ప్రకటిస్తుంది. అన్నదో ఫ్రెండుదో పాత పుస్తకం తీసుకుంటే రేట్లు, పరిమితులు మారిపోయి ఉంటాయి. పాత పుస్తకం లాకు కొంతవరకు పనికొస్తుందేమో గాని ట్యాక్స్‌కు వద్దు.

రోజులు తప్పితే?

తప్పుతాయి. తప్పిన సాయంత్రాన్ని శనివారం మూడు గంటల్లో పూడ్చుకోండి, ఆదివారాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఆదివారం కూడా వెనుకబడిన పాఠాలకే పోతోందంటే ప్లాన్ కుంటుతోందని గుర్తు. వరుసగా రెండు ఆదివారాలు పేపర్ రాయకపోతే, మిగిలిన కొత్త పాఠాల్లో తక్కువ మార్కులొచ్చేది ఒకటి వదిలేసి రాయడానికి తిరిగి రండి.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. దావత్‌కు రాకపోతే నొచ్చుకోవద్దు అని ఖాలాకు నేనే చెప్పాను. ఆమె ఒప్పుకుంది, కాని ఒక షరతు పెట్టింది: వలీమాకైతే రావాల్సిందే. ఆ రెండు వారాలు ముందే తీసేసింది అందుకే. మావాడు ఈసారి డిసెంబర్‌కు కడుతున్నాడు. ఒక్క గ్రూపే.