వెనక్కి దారి లేని లిస్టులో వికటకవి

'వికటకవి'ని ఎటు నుంచి చదివినా ఒకటే. కాగితం మీద దీన్ని తేల్చాలంటే రెండు చివర్లా రెండు వేళ్లు పెట్టి లోపలికి జరుపుకుంటూ వస్తే చాలు. ఇవే ఐదు అక్షరాలు, నోడుకు ఒకటి చొప్పున, లింక్డ్ లిస్టులో ఉంటే ఆ వీలుండదు. ప్రతి నోడుకూ తన తర్వాతి నోడు చిరునామా మాత్రమే తెలుసు. చివరి నుంచి వెనక్కి రావడానికి దారే లేదు.

అన్నిటినీ ఒక అర్రేలోకి కాపీ చేసి సరిచూడవచ్చు. కానీ పది లక్షల నోడ్లుంటే పది లక్షల గడులు అదనంగా కావాలి. రికర్షన్ వాడినా అంతే, ఆ భారం స్టాక్ మీద పడుతుంది. లిస్టు ఎంత పెద్దదైనా రెండు మూడు పాయింటర్లతోనే పని ముగించే పద్ధతి ఒకటుంది.

ముందు మధ్య నోడును పట్టుకోవాలి. రెండు పాయింటర్లను మొదటి నోడు దగ్గరే నిలిపి, స్లోను ఒక్కో అడుగు, ఫాస్ట్‌ను రెండేసి అడుగులు నడిపిస్తాం.

```
slow = fast = head
while fast.next and fast.next.next:
    slow = slow.next
    fast = fast.next.next
```

మొదటి విడతలో స్లో 'క' మీదికి, ఫాస్ట్ 'ట' మీదికి వస్తాయి. రెండో విడతలో స్లో 'ట'కు, ఫాస్ట్ చివరి 'వి'కి చేరతాయి. ఫాస్ట్‌కు ముందు దారి లేదు కాబట్టి ఆగుతాం. స్లో నిలిచిన 'ట'యే మధ్య నోడు. 1, 2, 2, 1 లాంటి సరిసంఖ్య లిస్టులో స్లో మొదటి 2 దగ్గరే ఆగుతుంది, రెండో సగం దాని పక్క నోడుతో మొదలవుతుంది. లిస్టు ఖాళీగా ఉంటే మాత్రం ఈ కోడ్ మొదటి అడుగులోనే విఫలమవుతుంది. ఆ సంగతి ముందే చూసుకోవాలి.

తర్వాత 'ట' అవతలి సగాన్ని అక్కడికక్కడే తిప్పేస్తాం. ప్రతి నోడులోనూ తర్వాతి చిరునామాను ఒక పక్కన దాచుకుని, ఆ చోట వెనకటి నోడు చిరునామా రాస్తాం. 'క, వి' కాస్తా 'వి, క' అవుతుంది. ఇక లిస్టు మొదటి నుంచి ఒక పాయింటరు, తిప్పిన సగం మొదటి నుంచి మరొకటి కలిసి నడుస్తాయి. 'వి'కి 'వి', 'క'కు 'క' సరిపోయాయి. తిప్పిన సగం అయిపోయింది కాబట్టి జత లేని 'ట'ను పట్టించుకోనక్కర్లేదు.

పని ఇక్కడితో అయిపోలేదు. తిప్పిన సగాన్ని మళ్లీ తిప్పి 'ట'కు తగిలించాలి. అలా చేయకపోతే 'ట' పాత 'క'నే చూపిస్తూ ఉంటుంది, ఆ 'క' తర్వాత ఏమీ ఉండదు. లిస్టును మళ్లీ చదివితే 'వికటక' అని ఆగిపోతుంది. ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది జవాబు 'కాదు' అయినప్పుడే. తేడా కనబడగానే ఫంక్షన్ నుంచి బయటికి వచ్చేస్తే లిస్టు సగం తిరగబడే ఉండిపోతుంది. అందుకే జవాబును ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, లిస్టును సరిచేశాకే బయటికి రావాలి. ఈ పని నడుస్తుండగా మరో థ్రెడ్ అదే లిస్టును చదువుతుంటే దానికీ మాట తెగిపోయే కనిపిస్తుంది. అలాంటి చోట లాక్ వేయాలి, లేదా అదనపు మెమరీకి ఒప్పుకుని కాపీ మీదే పరీక్షించుకోవాలి.