28 లక్షల లిమిట్, పదకొండున్నర కోట్ల మాట: ఎన్నికల ఖర్చు లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఈరోజు ఎపిసోడ్ రెండు సంఘటనలతో మొదలుపెడతా. రెండూ నిజంగా జరిగినవే.

మొదటిది మన దగ్గరే. 2016లో అప్పటి ఆంధ్రప్రదేశ్ స్పీకర్ కోడెల శివప్రసాదరావు గారు ఒక టీవీ ఇంటర్వ్యూలో మాట్లాడుతూ, 1983లో తన మొదటి ఎన్నికకి 30 వేలు ఖర్చయిందని, 2014లో పదకొండున్నర కోట్లు అయిందని అన్నారు. 2014లో అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 28 లక్షలు. ఆ మాటల మీద కరీంనగర్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు కూడా పడింది.

రెండోది ఉత్తరప్రదేశ్‌లో. బిసౌలీ నుంచి 2007లో గెలిచిన ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్. పేపర్లో వార్తలా కనిపించే ప్రకటన ఒకటి వేయించుకుని, దానికైన 21,250 రూపాయలు లెక్కలో చూపించలేదని 2011లో ఎన్నికల సంఘం ఆమెని మూడేళ్ల పాటు అనర్హురాలిగా ప్రకటించింది. పదవి పోయింది.

చూశారా? ఒకవైపు కోట్లలో మాట, ఇంకోవైపు 21 వేల లెక్క. పదవి పోయింది 21 వేలకి. ఇదేం లాజిక్ అనిపిస్తుంది కదా. కానీ రూల్స్ చదివితే లాజిక్ ఉంది. సమస్య కూడా అక్కడే ఉంది.

ముందు రూల్ చూద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో సెక్షన్ 77. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు వరకు అభ్యర్థి గానీ, ఆయన ఎలక్షన్ ఏజెంట్ గానీ పెట్టిన ఖర్చు, లేదా వాళ్ల అనుమతితో జరిగిన ఖర్చు, అంతా రాసిపెట్టాలి. అది పరిమితి దాటకూడదు. 2022లో సవరించిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లోక్‌సభకి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు.

ఇందులో రెండు మాటలు పట్టుకోండి. "నామినేషన్ రోజు నుంచి", "అభ్యర్థి". నామినేషన్‌కి ముందు ఆరు నెలలు ఊరూరా ఫ్లెక్సీలు కట్టినా, క్రికెట్ టోర్నమెంట్లు పెట్టి కిట్లు పంచినా ఈ లెక్కలోకి రావు. పార్టీ సంగతి తర్వాత చెప్తా.

ఇప్పుడు ఈ లెక్క రాసే పద్ధతి చూద్దాం. నామినేషన్‌కి కనీసం ఒక రోజు ముందే అభ్యర్థి ఎన్నికల ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. పది వేలు దాటిన చెల్లింపు నగదుగా ఇవ్వకూడదు. రోజువారీ రిజిస్టర్ ఉండాలి. ప్రచారం నడుస్తుండగా కనీసం మూడుసార్లు ఆ రిజిస్టర్‌ని అధికారులకి చూపించాలి. ఫలితం వచ్చాక 30 రోజుల్లో పూర్తి లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి.

అభ్యర్థి రాసిందే నమ్మాలా అంటే, కాదు. అధికారుల దగ్గర కూడా ఇంకో పుస్తకం ఉంటుంది. దాన్ని షాడో రిజిస్టర్ అంటారు. సభ ఎక్కడ జరిగినా వీడియో టీమ్ వెళ్లి కుర్చీలు, మైకులు, ఫ్లెక్సీలు, కార్లు రికార్డ్ చేస్తుంది. జిల్లా అధికారి ముందే రేటు చార్ట్ ఇస్తారు, కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత అని. ఆ రేటుతో గుణించి షాడో రిజిస్టర్‌లో రాస్తారు. నాలాంటి కోడింగ్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, రెండు లాగ్ ఫైళ్లు పక్కపక్కన పెట్టి తేడా చూడటం అన్నమాట.

ఒక ఉదాహరణ వేసుకుందాం. రమేష్ అని ఒక అసెంబ్లీ అభ్యర్థి ఉన్నాడనుకోండి. అంకెలన్నీ ఊహించినవే. పార్టీ పెద్ద నాయకుడు హెలికాప్టర్‌లో వచ్చాడు. సభకి స్టేజీ, సౌండ్, కుర్చీలు, బారికేడ్లు కలిపి 12 లక్షలు అయింది. హెలికాప్టర్‌కి 6 లక్షలు.

హెలికాప్టర్ ఖర్చు రమేష్‌కి రాదు. ఆ నాయకుడు పార్టీ ఇచ్చిన స్టార్ క్యాంపెయినర్ల జాబితాలో ఉంటే ఆయన ప్రయాణం పార్టీ ఖర్చు. గుర్తింపు పొందిన పార్టీకి ఆ జాబితాలో 40 మంది దాకా ఉండొచ్చు. కానీ రమేష్ సరదాపడి అదే హెలికాప్టర్ ఎక్కాడనుకోండి, అందులో సగం, అంటే 3 లక్షలు ఆయన లెక్కలో పడతాయి.

ఇక సభ ఖర్చు. రమేష్ స్టేజీ ఎక్కితే, లేదా ఆయన పేరో ఫోటోనో అక్కడ కనిపిస్తే సభ ఖర్చు ఆయనకి పడుతుంది. పక్క నియోజకవర్గాల అభ్యర్థులు ఇద్దరు కూడా స్టేజీ మీద ఉంటే 12 లక్షలు మూడు భాగాలు. ఒక్కొక్కరికి 4 లక్షలు. మరి రమేష్ స్టేజీ ఎక్కకుండా ఇంట్లో కూర్చుని, సభలో ఆయన పేరు, ఫోటో ఎక్కడా లేకుండా, "మా పార్టీకి ఓటేయండి" అని మాత్రమే చెప్తే? అది పార్టీ ప్రచారం. రమేష్ లెక్కలో సున్నా.

అదే జనం, అవే కుర్చీలు, లాభం కూడా రమేష్‌కే. రిజిస్టర్‌లో మాత్రం ఒకసారి 12 లక్షలు, ఒకసారి 4 లక్షలు, ఒకసారి సున్నా.

సరే, పార్టీకి లిమిట్ ఎంత? పార్టీకి లిమిట్ లేదు. ఎన్నికల తర్వాత ఖర్చు వివరాలు ఇవ్వాలి, అసెంబ్లీకి 75 రోజుల్లో, లోక్‌సభకి 90 రోజుల్లో. ఎంత పెట్టారో చెప్పాలి, అంతే. ఇంతకంటే ఎక్కువ పెట్టకూడదు అనే గీత లేదు.

ఇది ఎవరూ గమనించని పొరపాటు అనుకోకండి. దీని వెనక కథ ఉంది. 1971లో ఢిల్లీ సదర్ లోక్‌సభ స్థానంలో అమర్‌నాథ్ చావ్లా గెలిచారు. ఓడిన కన్వర్‌లాల్ గుప్తా కోర్టుకి వెళ్లారు. 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ ఎన్నిక రద్దు చేసింది. అభ్యర్థికి తెలిసి, ఆయన వద్దనకుండా పార్టీ ఆయన కోసం ఖర్చు పెడితే అది కూడా ఆయన ఖర్చే అని చెప్పింది. కారణం కూడా చెప్పింది. డబ్బున్న పార్టీ పక్కదారిలో ఎంతైనా పెట్టగలిగితే, డబ్బులేని మనిషీ, చిన్న పార్టీ సమానంగా పోటీ చేయాలన్న ఉద్దేశమే పోతుంది కదా అని.

తర్వాత ఏమైంది? పదహారు రోజులు. అక్టోబరు 19న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పార్టీ గానీ, శ్రేయోభిలాషులు గానీ పెట్టే ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదని సెక్షన్ 77కి ఒక వివరణ తగిలించింది. దాన్నే తర్వాత పార్లమెంటు చట్టం చేసింది. దాదాపు ముప్పై ఏళ్లు ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. 2003లో కొంత మూశారు. మినహాయింపుని స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణం వరకు కుదించారు. కానీ అభ్యర్థి పేరు లేని పార్టీ ప్రచారానికి మాత్రం ఇప్పటికీ హద్దు లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 21 వేలకి పదవి ఎందుకు పోయింది? సెక్షన్ 10ఏ ప్రకారం లెక్క సరిగ్గా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేయొచ్చు. అక్కడ పేపర్ ఉంది, ప్రకటన ఉంది, దానికైన డబ్బు రిజిస్టర్‌లో లేదు. కళ్లముందు ఆధారం. ఆమె ఎంత పెట్టారన్నది కాదు, దాచారన్నదే ప్రశ్న.

కోట్ల సంగతి వేరు. పరిమితి దాటడం సెక్షన్ 123 ప్రకారం అవినీతి చర్యే, ఎన్నిక రద్దవ్వాల్సిందే. కానీ దానికి ఎలక్షన్ పిటిషన్ వేయాలి, ఫలితం వచ్చిన 45 రోజుల్లోపే. రెండేళ్ల తర్వాత టీవీలో ఎవరేం చెప్పినా ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పైగా పోలింగ్ ముందు రాత్రి ఇంటింటికీ వెళ్లే నోటుకి బిల్లు ఉండదు, వీడియో టీమ్‌కి కనపడదు. మా బాబాయి వరసాయన ఒకరికి టెంట్ హౌస్ ఉంది. ఆయన మాటల్లో చెప్పాలంటే, "ఎలక్షన్లలో సామాను ఒకటే రా, బిల్లులు మాత్రం రెండు." రిజిస్టర్‌కి ఒకటి, అసలు లెక్కకి ఒకటి. షాడో రిజిస్టర్ చూసేది కుర్చీలని. కవర్లని కాదు.

అయితే ఈ లిమిట్ అసలు ఎందుకు, తీసేస్తే పోలా అనే వాదన ఉంది. తేలిగ్గా కొట్టేయొద్దు. అమెరికాలో 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు ఖర్చు పరిమితుల్ని కొట్టేసింది. జనానికి మాట చేరాలంటే డబ్బు కావాలి, ఖర్చుకి గీత గీస్తే మాటకి గీత గీసినట్టే అని. చందాల మీద పరిమితిని మాత్రం ఉంచింది. మన దగ్గర కూడా కొత్తగా వచ్చే అభ్యర్థి అడుగుతాడు: సిట్టింగ్ ఎమ్మెల్యే ముఖం ఐదేళ్లుగా ప్రతి శిలాఫలకం మీద ఉంది, నా ముఖం జనానికి తెలియాలంటే ఖర్చు పెట్టొద్దా? ఇది న్యాయమైన ప్రశ్నే. ఇంకో మాట కూడా అంటారు, లిమిట్ మరీ తక్కువ ఉండటం వల్లే అందరూ అబద్ధం రాస్తున్నారని.

అవతలి వాదన ఏంటంటే, నా ఓటు, అంబానీ ఓటు ఒకటే అని రాజ్యాంగం చెప్తోంది. కానీ ఓటు దాకా వచ్చే అభ్యర్థి ఎవరన్నది డబ్బే తేలుస్తుంటే ఆ సమానత్వం పోలింగ్ బూత్‌లో మాత్రమే మిగులుతుంది. టికెట్ ఇచ్చేటప్పుడు "ఎంత పెట్టగలవు" అని అడిగే చోట టీచర్, నర్సు, కూలీ మొదటి రౌండ్‌లోనే అవుట్. బ్రిటన్‌లో అందుకే రెండు గీతలు గీశారు, అభ్యర్థికి ఒకటి, దేశం మొత్తం మీద పార్టీకి ఒకటి.

నా అభిప్రాయం చెప్తా, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒక్క అభ్యర్థికే గీత గీసి పార్టీని వదిలేస్తే డబ్బు తగ్గదు, చోటు మారుతుంది. అభ్యర్థి లిమిట్‌ని వాస్తవానికి దగ్గరగా పెంచినా పర్లేదు, పార్టీకి కూడా ఒక గీత ఉండాలి. అది కూడా కవర్లని ఆపదు, నిజమే. కానీ హెలికాప్టర్లు, పేజీల కొద్దీ ప్రకటనలు, ఫోన్లో వచ్చే యాడ్లు కళ్లకి కనిపించే ఖర్చులు. కనిపించేవాటినైనా లెక్కపెట్టొచ్చు.

మనం చేయగలిగేవి రెండున్నాయి. ప్రచార సమయంలో డబ్బు, మద్యం పంచడం కనిపిస్తే cVIGIL యాప్‌లో ఫోటో గానీ వీడియో గానీ పంపొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. రెండోది చాలామందికి తెలియదు. అభ్యర్థులు ఇచ్చిన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారి ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు, రూల్స్ ప్రకారం ఫీజు ఒక్క రూపాయి. మీ ఊళ్లో జరిగిన సభ మీకు గుర్తుంటుంది, ఎన్ని కుర్చీలు వేశారో ఎన్ని బస్సులు వచ్చాయో మీరే చూశారు. లెక్కలో ఎన్ని రాశారో వెళ్లి చూడండి. తేడా ఉందనిపిస్తే గుర్తుంది కదా, పిటిషన్‌కి టైమ్ 45 రోజులే. లెక్క ఇవ్వడానికి వాళ్లకే 30 రోజులు ఉంది. అంటే వాళ్లు చివరి రోజున లెక్క ఇస్తే ఓటర్ చేతిలో మిగిలేది 15 రోజులే.

ఉంటా మరి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.