కాటా చీటీలో కిలోలు, బిల్లులో టన్నులు

రైస్ మిల్లుకు వచ్చే ధాన్యం లెక్క ఒకే కొలతలో రాదు. వేబ్రిడ్జి చీటీ మీద తూకం కిలోల్లో ఉంటుంది. ధర క్వింటాలుకు కాబట్టి కమీషన్ వ్యాపారి క్వింటాళ్లలో రాస్తాడు. పెద్ద సరఫరాదారు బిల్లులో టన్నులు ఉంటాయి. క్వింటాలు అంటే 100 కిలోలు, టన్ను అంటే 1,000 కిలోలు అని అందరికీ తెలుసు. అయినా ఈ చీటీలన్నిటినీ ఒకే ఎక్సెల్ షీటులోకి ఎక్కించి కింద మొత్తం వేసేటప్పుడు తప్పు దొర్లుతుంది. కంప్యూటర్ అంకెలను కూడుతుందే తప్ప పక్క గడిలో రాసిన కొలతను చూడదు.

ఒక మిల్లుకు నాలుగు లోడ్లు వచ్చాయనుకుందాం: 18,450 కిలోలు, 212.40 క్వింటాళ్లు, 19.6 టన్నులు, 9,875 కిలోలు. అంకెలను ఉన్నవి ఉన్నట్టు కూడితే 28,557 వస్తుంది. అసలు బరువు మాత్రం 69,165 కిలోలు. మధ్యనున్న రెండు లారీల్లో 40,840 కిలోల ధాన్యం ఉంటే, కూడికలో వాటి వాటా 232 మాత్రమే. 2025-26 సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. ఆ లెక్కన తేడా రూ. 9.62 లక్షల పైమాటే. పైగా 28,557 కిలోలు అన్నది నాలుగు లోడ్లకు మరీ అసాధ్యంగా కనిపించే అంకె కాదు. అందుకే మొత్తాన్ని చూసి తప్పు పట్టుకోవడం కష్టం.

దీనికి మందు, కూడకముందే ప్రతి వరుసనూ ఒకే కొలతలోకి మార్చడం. ధాన్యానికి కిలో అనువైనది. వేబ్రిడ్జి ఇచ్చేది అదే. మిగతా రెండు కొలతలనూ గుణిస్తే చాలు, భాగించాల్సిన పని లేదు. సరఫరాదారు ఇచ్చిన అంకెనూ కొలతనూ దిద్దకుండా అలాగే ఉంచి, కిలోల కోసం పక్కన కొత్త కాలమ్ పెట్టాలి. పాత అంకె మీదే దిద్దితే, ఏ వరుస మారిందో ఏది మారలేదో రేపు చెప్పలేం. మారిన దాన్నే మళ్లీ వందతో గుణించే ప్రమాదమూ ఉంది.

కొలతల పేర్లు కూడా ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు: kg, Kgs, Qtl, క్విం, MT, టన్ను. వీటన్నిటినీ Units అనే వేరే షీటులో మొదటి కాలమ్‌లో రాసి, ఎదురుగా 1, 100, 1000 అని గుణకాలు ఇవ్వాలి. డెలివరీ షీటులో C కాలమ్‌లో అంకె, D కాలమ్‌లో కొలత ఉంటే సూత్రం ఇది:

```
=C2*VLOOKUP(TRIM(D2),Units!A:B,2,FALSE)
```

పట్టికలో లేని పేరు వస్తే, లేదా కొలత గడి ఖాళీగా ఉంటే, #N/A అని కనిపిస్తుంది. ఆ ఒక్క గడి వల్ల కింద మొత్తం కూడా రాదు. చిరాకు పుట్టినా అదే మంచిది. దాన్ని కప్పిపుచ్చి సున్నా వచ్చేలా చేస్తే ఒక లోడు చప్పుడు లేకుండా లెక్కలోంచి జారిపోతుంది.

బస్తాను మాత్రం ఈ పట్టికలో చేర్చకూడదు. ఆంధ్రలో చాలాచోట్ల ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల సంచి వాడుక. 260 బస్తాలు ఒక లెక్కలో 19,500 కిలోలు, మరో లెక్కలో 10,400 కిలోలు. కాబట్టి అలాంటి వరుసకు కాటా చీటీలోని బరువే తీసుకోవాలి.

మార్చాక కిలోల కాలమ్‌ను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసలో పేర్చి చూడాలి. కొలత తప్పు రాస్తే బరువు పది, వంద, వెయ్యి రెట్లు మారుతుంది. 212.40 పక్కన పొరపాటున కిలోలు అని పడితే, లారీలో రెండు క్వింటాళ్ల ధాన్యమే ఉన్నట్టు తేలుతుంది. వెంటనే అనుమానం వస్తుంది. పది రెట్ల తప్పు అంత తేలిగ్గా దొరకదు. 21.24 టన్నులను క్వింటాళ్లని రాస్తే 2,124 కిలోలు అవుతుంది. ట్రాక్టర్ లోడుకు అది మామూలు బరువే. అక్కడ బండి నంబరు చూసి కాటా చీటీతో సరిపోల్చాలి.

అన్నీ సరిపోయాక కిలోల కాలమ్‌ను కూడి, వచ్చిన మొత్తాన్ని చివర్లో ఒక్కసారి కావలసిన కొలతలోకి మార్చుకోవచ్చు: 69,165 కిలోలు అంటే 691.65 క్వింటాళ్లు, లేదా 69.165 టన్నులు. అయితే 19.6 టన్నులు అన్నది వంద కిలోలకు సవరించి రాసిన అంకె అయితే, ఆ లోడులో 50 కిలోల వరకు అటూ ఇటూ ఉండవచ్చు. ఆ మేరకు మొత్తంలోనూ తేడా ఉంటుంది. కొలత మార్చినంత మాత్రాన అది పోదు. కాటా చీటీ తెప్పించుకుంటేనే తీరుతుంది.